చదరంగం చివరి అంకం – నాలుగో భాగం: తోసే ఏనుగు, అడ్డం పడే ఏనుగు

గత భాగంలో పాస్డ్ బంటు, అంటే ముందూ పక్క నిలువు వరుసల్లోనూ అడ్డుకునే శత్రు బంటు లేని బంటు, ముందు గుర్రాన్ని కూర్చోబెట్టి అడ్డుకట్ట వేయడం చూశాం. గుర్రానికి ఆ పని నప్పుతుంది. కదలకుండా కూర్చున్నా చుట్టుపక్కల గడులను కాపలా కాస్తూనే ఉంటుంది. ఏనుగుకు ఆ ఓపిక లేదు. దాన్ని ఒకచోట కట్టేస్తే సగం చచ్చినట్టే. అందుకే ఈ భాగమంతా ఏనుగుల గురించే. బోర్డు మీద ఒక్కొక్క ఏనుగు, ఒకవైపు a నిలువు వరుసలో ఒక పాస్డ్ బంటు ఉంటే ఆ ఏనుగు బంటుకు ముందుండాలా, వెనకుండాలా?

గుంటూరు బ్రాడీపేటలో మా మేడమీద ఆదివారం పొద్దున కూర్చునేది అయిదారుగురం. అందులో మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. మొన్న ఈ ప్రశ్న వేయగానే ఆయన నవ్వి, "తోపుడు బండిని ముందు నిలబడి ఎవరైనా తోస్తారా మాస్టారూ?" అన్నారు. నేను అరగంట చెప్పదలచుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. అయినా లెక్క వేసి చూడందే చదరంగంలో ఏదీ నమ్మకూడదు కాబట్టి బోర్డు పెట్టాం.

మీరూ పెట్టుకోండి. తెల్ల రాజు d5లో, ఏనుగు a1లో, బంట్లు a6, g3, h4లో. నల్ల రాజు d7లో, ఏనుగు a7లో, బంట్లు g6, h5లో. ఎత్తు తెల్లవాళ్ళది. ఫోనులో చదరంగం యాప్ ఉంటే ఈ వరుసను అందులో అతికిస్తే చాలు:

```
8/r2k4/P5p1/3K3p/7P/6P1/8/R7 w - - 0 1
```

మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఆలోచించకుండా రాజును c5కు జరిపాడు. బంటుకు సాయంగా రాజును b6కు చేర్చాలని వాడి ఉద్దేశం. నల్ల రాజు c7కు వచ్చి దారి మూసేశాడు. వాడు మళ్ళీ d5కు వచ్చాడు, నల్ల రాజూ d7కు వచ్చాడు. ఇలా రెండుసార్లు తిరిగాక వాడు తలెత్తి, "డ్రాయేనా సార్?" అన్నాడు.

కాదు. రెండు రాజులూ ఎదురెదురుగా నిలబడ్డాయి, ఎవరు ముందు కదిలితే వాళ్ళకు నష్టం. అలాంటప్పుడు రాజును ఎందుకు కదపడం? ఏనుగును a1 నుంచి a2కు జరపండి. దానితో బంటుకు అదనంగా ఒరిగేదేమీ లేదు, వెనక నుంచి కాపలా అలాగే ఉంది. కాని ఎత్తు నల్లవాళ్ళ చేతికి వెళ్ళింది. వాళ్ళ దగ్గర అలాంటి ఖాళీ ఎత్తు ఒక్కటీ లేదు. బంట్లు బిగుసుకుపోయాయి. g6 బంటు g5కు వెళ్తే h4 బంటు దాన్ని తినేస్తుంది. ఇక మిగిలింది రాజు, ఏనుగు.

ఏనుగు పక్కకు జరిగితే, c7కు అనుకోండి, బంటు a7కు వస్తుంది. ఆ తరువాత a8లో మంత్రి కాబోయే దాన్ని ఆపాలంటే ఏనుగును ఇచ్చుకోవాల్సిందే. వెనక్కి a8కు వెళ్తే బంటు a7కు వచ్చి దాన్ని మూలకు నొక్కేస్తుంది. నల్ల ఏనుగుకు ఉన్న కాస్త చోటూ తగ్గింది, తెల్ల ఏనుగుకు వెనక చోటు పెరిగింది.

ఏనుగును కదపకుండా రాజును e7 వైపు జరిపితే తెల్ల రాజు c6కు, అక్కడి నుంచి b6కు వెళ్ళి a7లోని ఏనుగు మీద పడుతుంది. ఏనుగు a8కు తప్పుకుంటే రాజు b7. ఇక్కడా కథ ఏనుగును ఇచ్చుకోవడంతోనే ముగుస్తుంది.

రాజును c7కు జరిపి బంటువైపు నిలబడితే? ఇది గట్టి జవాబు, ఇక్కడే మా అబ్బాయి మళ్ళీ తడబడ్డాడు. ఇప్పుడు తెల్ల రాజు b6 ఆశ వదిలేసి రెండో వైపు తిరగాలి: e6, తరువాత f6, తరువాత g6లోని బంటు. నల్ల రాజు b6కు వెళ్ళి a6 బంటును రెండోసారి ఎదిరించినా భయం లేదు. ఉదాహరణకు రాజు e6, నల్ల రాజు b6, రాజు f6. ఇప్పుడు నల్ల ఏనుగు a6లో తింటే తెల్ల ఏనుగు దాన్ని తింటుంది, నల్ల రాజు తిరిగి తింటుంది. ఏనుగులు రెండూ పోయాయి. తెల్ల రాజు g6, h5 బంట్లను వరసగా తినేసి, తన రెండు బంట్లతో మిగులుతుంది. నల్ల రాజు మాత్రం బోర్డు అవతలి మూల a6లో నిలబడి ఉంటుంది.

a బంటు మంత్రి కాకుండానే తెల్లవాళ్ళు గెలిచారన్నది గమనించండి. ఆ బంటు చేసిన పనల్లా నల్ల ఏనుగును a7లో కట్టేసి, నల్ల రాజును దాని దగ్గరకు లాగడమే. 1927లో బ్యూనస్ ఐరిస్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి ఆట, 34వది, సరిగ్గా ఈ తీరులో నడిచింది. అలెఖిన్ ఏనుగు తన a బంటు వెనక, కాపాబ్లాంకా ఏనుగు దాని ముందు. అలెఖిన్ రాజు మొదట బంటువైపు నడిచి, అక్కడ దారి మూసుకుపోయాక రెండో వైపు బంట్ల మీదికి మళ్ళింది. మధ్యలో ఆపిన ఆటను కాపాబ్లాంకా తిరిగి మొదలుపెట్టకుండానే ఓటమి ఒప్పుకున్నాడు.

ఇప్పుడు బండికి ముందు నిలబడే ఏనుగు సంగతి. g, h బంట్లన్నీ తీసేయండి. తెల్ల రాజు f3లో, ఏనుగు a8లో, బంటు a6లో. నల్ల రాజు g7లో, ఏనుగు a1లో. బంటు అదే, గడీ అదే. కాని బంటుకు ముందున్నది సొంత ఏనుగు, వెనకున్నది శత్రువు ఏనుగు. చూడగానే ఎవరికైనా చెయ్యి బంటు మీదికే పోతుంది: a7కు తోసేద్దామని. మంత్రి కావడానికి ఇంకొక్క గడే కదా!

ఆ ఎత్తు వేశారంటే గెలుపు ఆశ అక్కడితో సరి. a8లో ఏనుగు ఇరుక్కుపోయింది. అది పక్కకు జరగాలంటే చెక్ ఇస్తూ జరగాలి, లేకపోతే నల్ల ఏనుగు a7ను తినేస్తుంది. నల్ల రాజు g7, h7 గడుల మధ్య తిరుగుతున్నంతకాలం చెక్‌కు దొరకదు. తెల్ల రాజు సాయానికి b6కు వస్తే b1 నుంచి చెక్. దాక్కోవడానికి గడి లేదు, ఎందుకంటే దాక్కోవలసిన a7లో సొంత బంటే కూర్చుంది. రాజు దూరం జరగగానే నల్ల ఏనుగు మళ్ళీ a1కు చేరుతుంది.

నల్లవాళ్ళు ఇక్కడ చేయగల తప్పు ఒకటుంది. నేనే చాలా ఏళ్ళ కిందట విజయవాడలో ఒక టోర్నమెంటులో చేశాను. బంటు a7లో ఉండగా, రాజును దగ్గరకు తెద్దామని f7కు జరిపాను. ఎదుటి ఆయన ఏనుగును h8కు జరిపాడు. నేను సంతోషంగా a7 బంటును తిన్నాను. ఏనుగు h7, చెక్. ఏడో అడ్డు వరుసలో నా రాజు వెనక నా ఏనుగు, రాజు తప్పుకోగానే ఏనుగు పోయింది. తినకుండా వదిలేసినా బంటు మంత్రి అయ్యేది. g7, h7 దాటి వెళ్ళకూడదని నాకప్పటికి తెలియదు.

కాబట్టి సొంత ఏనుగు ముందుంటే బంటును a6లోనే ఆపండి. a7 గడి రాజుకు గొడుగులా మిగులుతుంది. చెక్‌లు పడ్డప్పుడు రాజు అక్కడ దాక్కోవచ్చు. నల్లవాళ్ళు a1లోనే కూర్చుని రోజులు లెక్కపెడితే తెల్ల రాజు నింపాదిగా నడిచి వచ్చి గెలుస్తుంది.

మరి నల్లవాళ్ళు ఏం చేయాలి? జవాబు వాంచురా అనే చెక్ దేశపు ఆటగాడి పేరు మీదుంది, ఆయన కూర్చిన సమస్య 1924లో అచ్చయింది. వెనక నుంచి కాకుండా పక్క నుంచి ఎదిరించడం అందులోని కిటుకు. ఎత్తు నల్లవాళ్ళదనుకోండి. ఏనుగు f1, చెక్. రాజు e4కు వెళ్తే ఏనుగు f6కు. ఇప్పుడు ఆరో అడ్డు వరుస పొడవునా a6 బంటు మీద కన్నుంది. తెల్ల ఏనుగు a8 వదిలిందంటే బంటుకు వేరే కాపలా చూపించాలి. తెల్ల రాజు b5కు వచ్చి కాపు కాస్తే f5 నుంచి చెక్, b7కు వస్తే f7 నుంచి చెక్. రాజు పక్కకు తప్పుకోగానే ఏనుగు తిరిగి f6కు. ఎప్పుడైనా బంటు a7కు తోస్తే, ఏనుగు వెంటనే a6కు వెళ్ళి వెనక కూర్చుంటుంది, ఇందాకటి డ్రా మళ్ళీ వచ్చేస్తుంది. రాజు ఏనుగుకు దూరంగా ఉంటేనే ఈ చెక్‌లు పనిచేస్తాయి. అందుకే ఏనుగు బంటుకు అంత దూరంలో, f వరుసలో నిలబడింది. c6లోనో d6లోనో నిలబెడితే తెల్ల రాజు దాన్ని నెట్టేసుకుంటూ వస్తుంది.

పెద్దాయన ఇదంతా విని, "అంటే నాది కాని బండి వెనక కూడా నేనే ఉండాలన్నమాట" అన్నారు. అవును. మీ బంటైనా, ఎదుటివారి బంటైనా ఏనుగుకు వెనక చోటే మేలు, అది కుదరకపోతే పక్క. ముందు నిలబడి అడ్డుకట్ట వేయడం చివరి గతి. వేయక తప్పకపోతే ఆ పని రాజుకు అప్పగించి ఏనుగును స్వేచ్ఛగా వదలండి. కాని రాజు అటు వెళ్తే రెండో వైపు బంట్లు దిక్కులేనివవుతాయి. ఆ బేరం కుదురుతుందో లేదో మొదటి బోర్డులోలాగా ఎత్తులు లెక్కపెట్టుకుని చూడాలి.

వచ్చే భాగానికి ఒక లెక్క. ఇందాక a7లో బంటు ఉంటే డ్రా అన్నాను. దానికి ఒక f బంటును చేర్చండి: తెల్ల రాజు g4లో, ఏనుగు a8లో, బంట్లు a7, f5లో. నల్ల రాజు g7లో, ఏనుగు a1లో. తెల్లవాళ్ళు బంటును f6కు తోసి చెక్ ఇస్తారు. నల్ల రాజు బంటును తినవచ్చు, లేదా f7, g6, h6, h7లలో ఒకదానికి వెళ్ళవచ్చు. అయిదింటిలోనూ తెల్లవాళ్ళే గెలుస్తారు. ఒక్కొక్క దానికి తెల్లవాళ్ళ తరువాతి ఎత్తు రాసి ఉంచండి. వాటిలో ఒకటి నేను విజయవాడలో పోగొట్టుకున్న ఆటలోదే.