జుట్టు రాగి రంగు, కనుబొమలు కారు నలుపు: ఫొటోలో ఆ తేడా సరిచేయడం ఎలా?

జుట్టుకు రంగు వేయించుకున్నవాళ్లలో చాలామంది కనుబొమల జోలికి వెళ్లరు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అది పెద్దగా తెలియదు. దగ్గరగా తీసిన ఫొటోలో మాత్రం ముందు ఆ రెండు నల్ల గీతలే కనబడతాయి. బెంగళూరు మారతహళ్లిలో మా స్టూడియోకి వచ్చే తెలుగు కుటుంబాల ఫొటోల్లో ఈ సమస్య తరచూ ఎదురవుతుంది. మొన్న అనంతపురం నుంచి వచ్చిన ఒక తల్లి, కూతురి నిశ్చితార్థం ఫొటో స్క్రీన్ మీద చూసి, "జుట్టు రంగు సరేగానీ బాబూ, కనుబొమలు ఇంకెవరివో తెచ్చి పెట్టినట్టున్నాయే" అన్నారు. కూతురిది ఇంకో బాధ: "అన్నా, పార్లర్‌లో త్రెడింగ్ మరీ సన్నగా చేసేశారు, కొంచెం ఒత్తుగా చేయరా?"

ఆ ఫొటోనే తీసుకుని, ఫొటోషాప్‌లో ఈ పని చేసేటప్పుడు ఎక్కడెక్కడ తేడా కొడుతుందో, ఎందుకు కొడుతుందో చెబుతాను. అన్నిటికీ మూలం ఒకటే. కనుబొమ అంటే వెంట్రుకలు, వాటి మధ్య కనిపించే చర్మం, ఆ చర్మం మీద పడే సన్నటి నీడ. ఈ మూడింటినీ ఒకే ముద్దగా చూసి బ్రష్ పెడితే పని చెడుతుంది.

లక్షణం: రంగు వేసినా వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి, చర్మం మాత్రం నారింజ రంగుకు తిరిగింది

జుట్టు రంగును ఐడ్రాపర్‌తో తీసుకుని, కొత్త లేయర్‌ను Color మోడ్‌లో పెట్టి, కనుబొమ మీద పూసేయడం చాలామంది చేసే పని. వెంట్రుకల్లో ఏదో ఎర్ర జీర తప్ప మార్పు కనబడదు. చాలలేదేమోనని ఇంకా గాఢమైన రంగు ఎంచుకుంటారు. అప్పుడు వెంట్రుకల మధ్య చర్మం పసుపు, కుంకుమ కలిపి రాసినట్టు తయారవుతుంది.

కారణం ఇది. Color మోడ్ కింద ఉన్న వెలుగును కదిలించదు, రంగును మాత్రమే మారుస్తుంది. ఈ అమ్మాయి కనుబొమ వెంట్రుక ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు సుమారు 38, 30, 28. అంత చీకట్లో రాగి రంగు కనబడడానికి చోటే లేదు. పక్కనున్న చర్మం వెలుగులో ఉంది కాబట్టి రంగంతా అదే పట్టుకుంటుంది.

అందుకే ముందు వెలుగు, తర్వాత రంగు. ఒక Curves లేయర్ వేసి, Input 30 దగ్గర పట్టుకుని Output 65 దాకా లేపాను. 140 దగ్గర ఇంకో చుక్క పెట్టి దాన్ని కదలకుండా ఉంచాను. మాస్క్‌ను Ctrl+I తో నల్లగా చేసి, మెత్తటి తెల్ల బ్రష్‌తో కనుబొమ మీద మాత్రమే తెరిచాను. వెంట్రుక 75, 65, 62 దగ్గరికి వచ్చింది. ఈ దశలో కనుబొమ వెలిసిపోయినట్టు కనబడుతుంది. కంగారు పడి వెనక్కి వెళ్లొద్దు, రంగు ఇంకా వేయలేదు కదా.

దాని మీద Solid Color లేయర్ వేసి, మోడ్ Color కి మార్చి, Curves మాస్క్‌నే Alt పట్టుకుని దీని మీదికి లాగాను. జుట్టు నుంచి తీసుకున్న రంగు 120, 72, 44. ఒపాసిటీ 60 శాతం. ఇప్పుడు వెంట్రుక సుమారు 92, 60, 42 అయింది. జుట్టు కంటే ఒక మెట్టు ముదురు, అదే రాగి ఛాయ. కావలసింది కూడా అదే. రంగు వేసిన జుట్టుకంటే కనుబొమ కాస్త ముదురుగా ఉంటేనే ముఖానికి నిలకడ ఉంటుంది. రెండూ అచ్చంగా ఒకే రంగైతే కళ్ల మీద పట్టు పోయి ముఖం చప్పగా కనబడుతుంది.

జుట్టు రంగు ఎక్కడినుంచి తీసుకున్నారన్నది కూడా ముఖ్యమే. ఈ ఫొటో అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సాయంత్రపు ఎండలో తీసింది. వెనకనుంచి వెలుగు పడి జుట్టు అంచులు నిప్పులా మెరుస్తున్నాయి. అక్కడినుంచి తీసుకుంటే కనుబొమ నారింజ రంగై కూర్చుంటుంది. కణత దగ్గర, నీడలో ఉన్న పాయ నుంచి తీసుకోవాలి. ఐడ్రాపర్ Sample Size ను Point Sample లో వదలకుండా 5 by 5 Average పెట్టుకోవాలి. లేకపోతే ఒక్క పిక్సెల్ ఎటు లాగితే రంగు అటు పోతుంది.

లక్షణం: కనుబొమ చుట్టూ బూడిద పూసినట్టు తెల్లటి పొర

ఇది నలుపును తేలిక చేసిన వెంటనే వస్తుంది. మాస్క్ ఎంత జాగ్రత్తగా గీసినా వెంట్రుక వెంట్రుకకూ విడిగా గీయలేం. Curves మధ్యలోని చర్మాన్ని, నీడను కూడా లేపేస్తుంది. నీడ పోయిన చర్మమే ఆ బూడిద పొర. 100 శాతం జూమ్‌లో లేయర్ కన్ను ఆపి, మళ్లీ తెరిచి చూడండి. వెంట్రుకలతో పాటు మధ్యలోని చర్మం కూడా కదిలితే కారణం ఇదే.

దీనికి మందు Blend If. Curves లేయర్ పేరు పక్కన ఖాళీ చోట డబుల్ క్లిక్ చేస్తే Layer Style తెరుచుకుంటుంది. కింద Underlying Layer అని ఉన్న పట్టీలో కుడివైపు తెల్ల ముక్కను ఎడమకు లాగాలి. అలా లాగితే వెలుగున్న చోట ఆ లేయర్ పనిచేయడం మానేస్తుంది. Alt పట్టుకుని లాగితే ముక్క రెండుగా చీలుతుంది. ఆ చీలికే మార్పును మెత్తగా చేస్తుంది, చీల్చకపోతే అంచులు రంపపు పళ్లలా కనబడతాయి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పైన Blend If పక్కన Gray అని ఉంటుంది. తెల్లటి చర్మానికి అది చాలు. మన చామనఛాయ చర్మానికి చాలదు, ఎందుకంటే చర్మం నీడకూ వెంట్రుకకూ మధ్య వెలుగు తేడా తక్కువ. దాన్ని Red కి మార్చండి. గోధుమ రంగు చర్మం ఎరుపు చానెల్‌లో బాగా వెలుగుతుంది, నల్ల వెంట్రుక అక్కడ కూడా చీకటిగానే ఉంటుంది. ఈ ఫొటోలో ఎరుపు విలువ వెంట్రుకకు 38, చర్మానికి 190 దగ్గర. తెల్ల ముక్కను 90, 140 గా చీలిస్తే చర్మం తప్పించుకుంది. రంగు లేయర్‌కు కూడా ఇదే అమరిక పెట్టాలి. అయితే అది చూసేది Curves లేపిన తర్వాతి వెంట్రుకను. దాని ఎరుపు విలువ 75 అయింది కాబట్టి 90 కంటే కిందికి దించకూడదు, దించితే వెంట్రుకకే రంగు అందదు.

లక్షణం: ఒత్తుగా చేస్తే స్టిక్కర్ అతికించినట్టుంది

పెద్ద మెత్తటి బ్రష్‌తో నింపేస్తే వెంట్రుకల మధ్య ఖాళీలు పూడిపోతాయి. నాలుగు అంచులూ ఒకేలా తయారవుతాయి. నిజమైన కనుబొమ అలా ఉండదు. ముక్కు వైపు మొదలు పలచగా ఉంటుంది, అక్కడ వెంట్రుకలు దాదాపు నిటారుగా పైకి లేస్తాయి. మధ్యకు వచ్చేసరికి కణత వైపు వాలతాయి. పై వరుస కిందికి, కింది వరుస పైకి వంగి మధ్యలో కలుసుకుంటాయి. తోక దగ్గర అన్నీ కిందికి దిగుతాయి.

ఎంత పెంచాలో ఊహించుకోనక్కర్లేదు. త్రెడింగ్ చేసి కొన్ని రోజులైన ముఖాన్ని 200 శాతం జూమ్‌లో చూడండి. కనుబొమ కింద సన్నటి నీలిబూడిద చుక్కలు కనబడతాయి. అవి మళ్లీ మొలుస్తున్న వెంట్రుకల మొదళ్లు. ఆమె అసలు కనుబొమ ఎంతవరకు ఉందో ఆ చుక్కలే చెబుతాయి. ఈ అమ్మాయికి అవి కింది అంచు వెంట, వంపు దగ్గర ఎక్కువగా ఉన్నాయి. నేను అంతవరకే వెళ్లాను. పైకి ఒక్క వెంట్రుక కూడా పెంచలేదు, ఎందుకంటే పైకి పెంచితే ముఖంలో భావమే మారుతుంది, కోపంగానో ఆశ్చర్యంగానో కనబడుతుంది.

పని రెండు లేయర్లలో చేయాలి. మొదటిది నీడ: Multiply మోడ్, పక్క చర్మం నుంచి తీసుకున్న ముదురు గోధుమ రంగు, మెత్తటి బ్రష్, ఒపాసిటీ 15 శాతం దాటకుండా. రెండోది వెంట్రుకలు. ఈ ఫొటోలో కనుబొమ పొడవు సుమారు 800 పిక్సెల్లు, ఒక్కో వెంట్రుక మందం 2 పిక్సెల్లు, కాబట్టి బ్రష్ కూడా 2 పిక్సెల్లే. Brush Settings లో Shape Dynamics తెరిచి Size Jitter కింద Control ను Pen Pressure పెడితే కొన సన్నబడుతుంది. టాబ్లెట్ లేకుండా మౌస్‌తో చేసేవాళ్లు Fade ఎంచుకుని, పక్కనున్న సంఖ్యను వెంట్రుక పొడవుకు సరిపడేదాకా మార్చుకోవాలి. గీత మొదలు నుంచి కొసకు పోవాలి, కొస నుంచి మొదలుకు కాదు.

ఈ రెండు లేయర్లూ Curves, రంగు లేయర్ల కింద ఉండాలి. కొత్త వెంట్రుకలను ఆమె అసలు నలుపులోనే గీయండి. పై రెండు లేయర్ల మాస్క్‌లనూ కొత్త వెంట్రుకల మీద కూడా తెల్ల బ్రష్‌తో తెరిస్తే, అవి పాతవాటినీ కొత్తవాటినీ కలిపి ఒకేసారి రాగి రంగులోకి తెస్తాయి. ముందు రంగు మార్చి, తర్వాత రాగి రంగుతో విడిగా గీసినవి ఎప్పుడూ పైన తేలుతున్నట్టే ఉంటాయి.

గీసినవి మరీ పదునుగా కనబడితే Gaussian Blur 0.3 నుంచి 0.5 పిక్సెల్ ఇస్తే చాలు. ముఖం పక్కకు తిరిగి ఉండి, లెన్స్ అపర్చర్ బాగా తెరిచి తీసిన ఫొటోలో దూరపు కనుబొమ ఎలాగూ మసకగా ఉంటుంది. దానికి వేరే లేయర్ పెట్టి, ఆ పక్కనున్న రెప్ప వెంట్రుకల మసకతో పోల్చుకుంటూ ఎక్కువ బ్లర్ ఇవ్వాలి.

లక్షణం: Liquify తో లాగితే చర్మం సాగింది

వెంట్రుకలు లేని చోట వెంట్రుకలు పుట్టించడం Liquify కి రాదు, ఉన్నవాటినే లావు చేస్తుంది. కనురెప్ప పైన చర్మం గీతలు కూడా వాటితో పాటు సాగుతాయి. తోక కొద్దిగా దిగువకు ఉంటే పైకి జరపడానికి వాడండి, ఒత్తు పెంచడానికి వాడొద్దు.

లక్షణం: రెండు కనుబొమలూ అద్దంలో బొమ్మల్లా ఉన్నాయి

ఒకదాన్ని కాపీ చేసి తిప్పి రెండోవైపు పెట్టినందువల్ల వచ్చేది ఇది. వెలుగు ఒక పక్కనుంచే వస్తుంది కాబట్టి తిప్పిన కనుబొమ మీద నీడ తప్పు పక్కన పడుతుంది. రెండూ విడివిడిగానే గీయాలి. Flip Canvas Horizontal తో ఫొటో తిప్పి చూస్తే ఏ పక్క బరువెక్కిందో వెంటనే తెలుస్తుంది.

లక్షణం: జుట్టు నలుపు, కనుబొమలు నెరుపు

పెళ్లికూతురి నాన్నగారి ఫొటోలో ఉన్నది ఇది. తల నల్లగా రంగేసుకున్నారు, కనుబొమలు నెరిసే ఉన్నాయి. ఇక్కడ పైన చెప్పిన Blend If అమరిక పనికిరాదు, ఎందుకంటే నెరిసిన వెంట్రుక చర్మం కంటే వెలుగుగా ఉంటుంది. ఒక్కో తెల్ల వెంట్రుక మీదుగా ముదురు గోధుమ రంగు గీత గీయడమే దారి. జుట్టులోని కారు నలుపు వాడొద్దు, అది ముఖం మీద బొగ్గులా నిలబడుతుంది. నాలుగైదు తెల్ల వెంట్రుకలు వదిలేస్తే ఆయన వయసుకు తగ్గట్టుంటుంది.

ప్రింట్‌కు పంపే ముందు ఒక చిన్న నమూనా తీయించండి. మ్యాట్ కాగితం మీద ముదురు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కష్టపడి గీసిన వెంట్రుకలు మళ్లీ ముద్దగా కనబడొచ్చు. అలా అయితే Curves లో 65 ను 72 దాకా లేపి మళ్లీ చూడండి. ఇదంతా ఆల్బమ్‌కు, గోడ ఫ్రేముకు. అదే ఫొటో నుంచి పాస్‌పోర్టు సైజు కత్తిరించి ఇమ్మని అడిగితే, ఈ లేయర్లన్నీ ఆపేసి అసలు ముఖంతోనే ఇవ్వాలి.