ఫొటోలో వచ్చిన ఆర్గానిక్ ప్రశ్న: బాణం దాటకముందు జాగ్రత్తలు

ఈ మధ్య నల్లగొండ నుంచి దేవరకొండ దాకా ఇంటర్ సెకండియర్ పిల్లల గ్రూపుల్లో ఒక ప్రశ్న ఫొటో తిరుగుతోంది. ఒక షడ్భుజి, అందులో ఒక డబుల్ బాండ్. బాణం మీద మొదట ఓజోన్, ఆ తర్వాత జింక్–నీళ్లు, చివరికి డైల్యూట్ NaOH, వేడి. ప్రోడక్ట్ ఏది? ఎక్కువమంది ఒకటే ఆప్షన్ పెట్టారు, కీలో ఇంకోటి ఉంది. ఇగ చూడాలి, కీ తప్పని ఒకటే గోల. కీలో తప్పేం లేదు. డబుల్ బాండ్ ఉన్న మూల నుంచి బయటికి ఒక పొట్టి గీత ఉంది. ఫొటో చేతులు మారి మారి ఆ గీత కాగితం మడతలో కలిసిపోయింది. పోయింది ఒక్క గీతే. కానీ ఆ గీత చివర ఒక కార్బన్ ఉంది, మూడు హైడ్రోజన్లున్నాయి.

మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఆ వెంటనే ఎంట్రన్సులు. రియాక్షన్లు రాకపోవడం వల్ల మార్కులు పోవడం వేరే సంగతి, దానికి మందు చదువే. ఇక్కడ చెప్పేది రియాక్షన్ మొత్తం నోటికి వచ్చి కూడా మార్కు పోగొట్టుకునేవాళ్ల గురించి. వాళ్లందరూ చేసే తప్పు ఒక్కటే: బొమ్మ చూసి నేరుగా ప్రోడక్ట్ గీయడం. స్టార్టింగ్ మెటీరియల్‌ని తమ చేత్తో మళ్లీ గీసుకోరు, కార్బన్లకు నంబర్లు వేయరు.

మొదటి పని: గీసుకోవడం, లెక్కపెట్టడం

బొమ్మను రఫ్ షీట్ మీద పెద్దగా గీయండి. గీతల బొమ్మలో ప్రతి మూలా ఒక కార్బన్, ప్రతి ఖాళీ చివరా ఒక కార్బన్. ఇది అందరికీ తెలిసిందే. తప్పు జరిగేది గీత చివర అక్షరాలున్నప్పుడు. గీత చివర `CHO` అని రాసి ఉంటే, ఆ చివర ఉన్న కార్బన్ ఆ `C` నే. చివర ఒకటి, `CHO` లో ఒకటి అని రెండుగా లెక్కపెడితే చైన్ ఒక కార్బన్ పెరుగుతుంది. అప్పుడు ఐదు కార్బన్ల రింగ్ రావాల్సిన చోట ఆరు కార్బన్ల రింగ్ వస్తుంది. పేపర్ సెట్ చేసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే ఆరు కార్బన్ల రింగ్ కూడా ఆప్షన్లలో కూర్చుని ఉంటుంది.

నంబర్లు వేశాక ప్రతి కార్బన్ పక్కన దానికున్న హైడ్రోజన్లు ఎన్నో చిన్నగా రాయండి. ఇది సోకు కోసం కాదు. మొత్తం ఫార్ములా సరిపోయినా గీత తప్పు మూలకు అంటుకుని ఉండొచ్చు. ఆ తప్పును హైడ్రోజన్ల లెక్క ఒక్కటే పట్టిస్తుంది. ఎలాగో కింద చూడండి.

ఆ ప్రశ్ననే తీసుకుందాం

అసలు పదార్థం 1-మిథైల్‌సైక్లోహెక్సీన్. రింగ్‌లో మిథైల్ ఉన్న డబుల్ బాండ్ కార్బన్‌కు 1, డబుల్ బాండ్ రెండో కార్బన్‌కు 2, అక్కడి నుంచి చుట్టూ 3, 4, 5, 6, మిథైల్‌కు 7. హైడ్రోజన్లు: 1 మీద సున్నా, 2 మీద ఒకటి, 3 నుంచి 6 దాకా రెండేసి, 7 మీద మూడు. మొత్తం C₇H₁₂.

ఓజోన్, ఆ తర్వాత జింక్–నీళ్లు, డబుల్ బాండ్‌ను 1కి 2కి మధ్య తెంపి రెండు వైపులా ఆక్సిజన్ పెడతాయి. హైడ్రోజన్ లేని 1 కీటోన్ అవుతుంది. ఒక హైడ్రోజన్ ఉన్న 2 ఆల్డిహైడ్ అవుతుంది. రింగ్ విప్పి చైన్‌గా రాయండి, కానీ నంబర్లు మార్చకండి: 7–1–6–5–4–3–2. ఇది 6-ఆక్సోహెప్టనల్, C₇H₁₂O₂. పేరు పెట్టేటప్పుడు వేరే నంబర్లు వస్తాయి, వాటిని పేరుకే వదిలేయండి. పాత నంబర్లను చివరిదాకా మోస్తేనే ఏ కార్బన్ ఎక్కడికి పోయిందో కనిపిస్తుంది.

ఇప్పుడు NaOH. కార్బోనిల్ పక్కన హైడ్రోజన్ ఉన్న కార్బన్లు మూడు: 7, 6, 3. ఒక్కొక్కటి ఎదుటి కార్బోనిల్ మీద పడితే ఏం వస్తుందో చూద్దాం. 7 పోయి 2తో కలిస్తే ఏడు కార్బన్ల రింగ్, దాన్ని పక్కన పెట్టండి. 6 పోయి 2తో కలిస్తే రింగ్‌లో 6, 5, 4, 3, 2 ఉంటాయి, ఐదు కార్బన్లు. 3 పోయి 1తో కలిసినా 3, 4, 5, 6, 1 అని ఐదే. ఈ రెండింటిలో గెలిచేది మొదటిది. దెబ్బ తినాల్సిన కార్బోనిల్ అక్కడ ఆల్డిహైడ్, ఇక్కడ కీటోన్. ఆల్డిహైడ్‌కు అడ్డం తక్కువ, ఎలక్ట్రాన్ల కరువు ఎక్కువ. వేడికి నీళ్లు పోయి 6కి 2కి మధ్య డబుల్ బాండ్ వస్తుంది. 1, 7 రింగ్ బయటే 6కి వేలాడుతుంటాయి. అంటే 1-అసిటైల్‌సైక్లోపెంటీన్.

లెక్క సరిచూడండి: 7 మీద మూడు, 1 మీద, 6 మీద సున్నా, 2 మీద ఒకటి, 3, 4, 5 మీద రెండేసి. C₇H₁₀O. పైన ఉన్న C₇H₁₂O₂ లోంచి ఒక H₂O పోతే వచ్చేది ఇదే. ఏడు కార్బన్లు బయల్దేరాయి, ఏడూ చేరాయి.

మిథైల్ గీత కనపడనివాళ్లకు ఏమైందంటే, వాళ్లు సైక్లోహెక్సీన్‌తో మొదలుపెట్టారు. అది తెగితే హెక్సేన్‌డయల్, ఆల్డాల్ అయితే సైక్లోపెంటీన్ మీద ఒక `CHO`. మెకానిజంలో ఒక్క తప్పు లేదు, ఆప్షన్ కూడా అచ్చం దొరికింది, మార్కు మాత్రం పోయింది. ఎందుకంటే ముందు కార్బన్లు లెక్కపెట్టలేదు.

ఇంకో రకం ఉంది, అది ఇంతకంటే కష్టం. గీత కనపడింది గానీ మసకగా ఉంది, పక్క మూలకు అంటుకున్నట్టు చదివారు. అప్పుడు అది 3-మిథైల్‌సైక్లోహెక్సీన్. ఫార్ములా అదే C₇H₁₂. తెగితే వచ్చేదీ C₇H₁₂O₂ నే. కార్బన్ల లెక్క సరిపోయింది కాబట్టి అనుమానం రాదు. కానీ ఇక్కడ డబుల్ బాండ్ కార్బన్లు రెండింటి మీదా ఒక్కో హైడ్రోజన్ ఉంది, అందుకని రెండు వైపులా ఆల్డిహైడే వస్తుంది, కీటోన్ రాదు. హైడ్రోజన్లు రాసి ఉంటే గీత ఏ మూలదో అప్పుడే ప్రశ్న పుట్టేది, ఫొటోను ఇంకోసారి పెద్దది చేసి చూసేవాళ్లు.

ఫొటో దగ్గర

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. సన్న గీతలకు అదే దెబ్బ. డాక్యుమెంట్‌గా పంపమనండి. స్కానర్ యాప్‌లో నలుపు–తెలుపు ఫిల్టర్ పెట్టిన ఫొటోను నమ్మకండి. పేజీ తెల్లగా మెరుస్తుంది గానీ, వెనక్కి పోయే బాండ్ చూపించే చుక్కల గీతలు చెరిగిపోయి కాగితం మరకలు గీతల్లా నిలబడతాయి. బెంజీన్ లోపలి మూడు గీతలు పోతే ఫినాల్ కాస్తా సైక్లోహెక్సనాల్‌లా కనిపిస్తుంది. సైక్లోహెక్సనాల్‌కు HBr కలిపితే బ్రోమైడ్ వస్తుంది, ఫినాల్‌తో రాదు.

బాణం పూర్తిగా కనపడుతోందా చూడండి. బాణం కింద వరుస కోసేసి ఫొటో తీయడం మామూలే. పై ప్రశ్నలో జింక్–నీళ్లకు బదులు H₂O₂ ఉంటే 2వ కార్బన్ ఆల్డిహైడ్ దగ్గర ఆగదు, ఆసిడ్ దాకా పోతుంది. అప్పుడు పైన చెప్పిన కథ మొత్తం మారిపోతుంది.

గీత ఉందో లేదో తేలకపోతే ఊహించకండి, ఫొటో ఇంకోటి అడగండి. ఆప్షన్లు చూసి వెనక్కి నడిచి "మిథైల్ ఉన్నట్టే ఉంది" అనుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఆప్షన్లలో మిథైల్ ఉన్నవీ లేనివీ రెండూ పెడతారు.

ఇంట్లో ఫొటో, పరీక్షలో మంచి ప్రింటు ఉంటుందిలే అనుకోవద్దు. తెలంగాణ ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రెండూ కంప్యూటర్ మీదే. స్ట్రక్చర్ తెర మీద బొమ్మగా వస్తుంది, దాని మీద పెన్సిల్ పెట్టలేరు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, ప్రశ్నకు నిమిషం చిల్లర. ఆ చిల్లరలోంచే గీసుకునే టైమ్ తీయాలి. ఇప్పటి నుంచి చేయి తిరగకపోతే అక్కడ తిరగదు.

ఇక మిగిలినవి, వరుసగా:

- ముందు కార్బన్లు లెక్కపెట్టండి. తర్వాతే రియాజెంట్ చదవండి.
- `Me` ఒక కార్బన్, `Et` రెండు, `Ph` ఆరు. పొట్టి పేర్లను విప్పి రాసుకోండి.
- `Br`, `B` తేడా తేలకపోతే ఆగండి.
- `hν` చిన్నగా ఉంటుంది, వెతకండి. టోలీన్‌కు Cl₂ కలిపితే వెలుతురులో మిథైల్ మీద, FeCl₃ తో రింగ్ మీద క్లోరిన్ చేరుతుంది.
- HBr పక్కన పెరాక్సైడ్ ఉందో లేదో చూడకుండా బ్రోమిన్ ఎక్కడికి పోతుందో చెప్పొద్దు.
- NaOH పక్కన "డైల్యూట్" ఉందా, "కాన్సన్‌ట్రేటెడ్" ఉందా? ఆల్ఫా హైడ్రోజన్ లేని ఆల్డిహైడ్‌కు రెండోది పడితే కానిజారో.
- గ్రిగ్నార్డ్ ముందు "ఎక్సెస్" ఉందేమో చూడండి. ఎస్టర్ మీద రెండుసార్లు పడుతుంది.
- ఫొటో అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటే వాడొద్దు. R కాస్తా S అవుతుంది. అక్షరాలు తిరగబడి ఉన్నాయా అన్నదే గుర్తు.
- ఫొటో అడ్డంగా వస్తే ఫోన్ తిప్పండి, మెడ తిప్పొద్దు, అడ్డంగా ఉన్నట్టే కాగితం మీద ఎక్కించొద్దు. ముందుకు–వెనక్కి గీతల బొమ్మకు పెద్దగా నష్టం లేదు. ఫిషర్ ప్రొజెక్షన్ 90 డిగ్రీలు తిరిగితే ఎదురు ఐసోమర్ అవుతుంది.
- మధ్యలో నంబర్లు మార్చొద్దు.
- ఆప్షన్ టిక్ పెట్టే ముందు దానిలోని కార్బన్లు లెక్కపెట్టండి. బయటి నుంచి కొత్త కార్బన్ చేరకపోతే, CO₂ లాంటిదిగా ఏదీ విడిపోకపోతే, మొదట ఎన్ని ఉన్నాయో చివర అన్నే ఉండాలి. లేకపోతే ఆ ఆప్షన్ కొట్టేయండి, ఎంత అందంగా కనిపించినా సరే.