కణపొర ప్రయోగాలు చదవడం – 4వ భాగం: లాట్ ప్రోటీన్ నిజంగా రాఫ్ట్‌లో ఉందా?

పోయిన భాగంలో కొలెస్టరాల్ కలిసిన కృత్రిమ పొరలో లిపిడ్లు రెండు రకాల ప్రాంతాలుగా ఎలా విడిపోతాయో చూశాం. ఈసారి అసలు పని మొదలుపెడదాం. ఏదైనా పేపర్లో "ఈ ప్రోటీన్ లిపిడ్ రాఫ్ట్‌లో ఉంది" అని రాసి, పక్కన పన్నెండు గీతల బ్లాట్, అంటే ఏ నమూనాలో ఆ ప్రోటీన్ ఎంత ఉందో ముదురు గీతలుగా చూపే బొమ్మ, ఒకటి పెడితే, దాన్ని చూసి ఎంతవరకు నమ్మాలో మీ అంతట మీరే తేల్చుకోవడం ఈ పాఠంలో నేర్చుకునేది. ఉదాహరణకి టీ కణాల్లో ఉండే లాట్ అనే ప్రోటీన్ తీసుకుంటున్నాను. దీని మీద వాదన రెండు వైపులా గట్టిగా నడిచింది కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి కేసు నాకు కనబడలేదు.

ముందు, కొన్ని ప్రోటీన్లే రాఫ్ట్‌లోకి ఎందుకు వెళ్తాయో చూద్దాం. స్ఫింగోమైలిన్ లాంటి లిపిడ్ల తోకలు ఎక్కువగా సంతృప్తమైనవి, అంటే మధ్యలో ద్విబంధం లేక నిటారుగా ఉంటాయి. కొలెస్టరాల్‌లో ఉన్న నాలుగు వలయాలు గట్టిగా, చదునుగా ఉండి ఆ నిటారు తోకల పక్కన చక్కగా అతుక్కుంటాయి. మామూలు ఫాస్ఫోలిపిడ్లలో చాలావాటికి ఒక తోకలో ద్విబంధం దగ్గర వంపు ఉంటుంది, ఆ వంపు కొలెస్టరాల్ పక్కన కుదురుకోదు. అందుకని స్ఫింగోమైలిన్, కొలెస్టరాల్ కలిసి ఒత్తుగా, చుట్టూ ఉన్న పొరకన్నా కాస్త మందంగా ఉండే చిన్న ప్రాంతాలు ఏర్పడతాయి, వీటినే లిపిడ్ రాఫ్ట్‌లు అంటారు. ఒత్తుగా ఉన్నా లోపలి అణువులు పక్కలకి జారుతూనే ఉంటాయి, గడ్డకట్టిపోవు. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే చాలామంది రాఫ్ట్ అంటే కదలని గట్టి ముక్క అనుకుంటారు.

ఇప్పుడు ప్రోటీన్ సంగతి. పొరని దాటే ప్రోటీన్ హెలిక్స్ గరుకుగా ఉంటుంది, చుట్టూ అమైనో ఆమ్లాల కొమ్మలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒత్తుగా సర్దుకున్న లిపిడ్ల మధ్య దానికి చోటు దొరకడం కష్టం. అందుకే పొరని దాటే ప్రోటీన్లలో ఎక్కువ భాగం రాఫ్ట్ బయటే ఉండిపోతాయి. లోపలికి వెళ్లేవాటికి ఏదో ఒక ప్రత్యేకత ఉంటుంది. హెలిక్స్ పొడవుగా, సన్నగా ఉంటే ఆ మందమైన ప్రాంతంలో సరిపోతుంది. సిస్టీన్ మీద పాల్మిటేట్ అతికి ఉంటే ఇంకా బాగా సరిపోతుంది. పాల్మిటేట్ అంటే పదహారు కార్బన్ల నిటారు, సంతృప్త తోక, అంటే రాఫ్ట్ లిపిడ్ల తోకలాంటిదే ప్రోటీన్‌కి కూడా తగిలించినట్టు. అసలు హెలిక్సే లేకుండా సంతృప్త తోకలున్న జీపీఐ అనే లిపిడ్ లంగరుతో పొర బయటి వైపు వేలాడే ప్రోటీన్లు కూడా ఇందుకే అక్కడ చేరతాయి. 1992లో డెబొరా బ్రౌన్, జాన్ రోజ్ డిటర్జెంట్‌కి కరగకుండా మిగిలినట్టు చూపించింది అలాంటి జీపీఐ ప్రోటీన్‌నే. 1997లో కై సైమన్స్, ఎలీనా ఇకోనెన్ ఈ రాఫ్ట్ ఆలోచనకి పూర్తి రూపం ఇచ్చారు.

లాట్‌కి పొర లోపలి అంచు దగ్గర, 26వ, 29వ స్థానాల్లో రెండు సిస్టీన్లు ఉన్నాయి, రెంటి మీదా పాల్మిటేట్ అతుకుతుంది. టీ కణానికి బయటనుంచి సంకేతం అందగానే జాప్-70 అనే ఎంజైమ్ లాట్ తోకలోని టైరోసిన్లకి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది, అక్కడికి మిగతా ప్రోటీన్లు వచ్చి గుమిగూడతాయి. 1998లో లారెన్స్ శామెల్సన్ బృందం ఈ సిస్టీన్లని మార్చేసి చూస్తే లాట్ రాఫ్ట్ భాగంలో కనబడలేదు, ఫాస్ఫేట్లు కూడా సరిగ్గా తగల్లేదు. "కాబట్టి రాఫ్ట్‌లో ఉంటేనే లాట్ పని చేస్తుంది" అన్న మాట అప్పటినుంచి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

ఆ మాట ఎంత గట్టిదో తెలియాలంటే ప్రయోగం ఎలా చేస్తారో చేతులతో చేసినట్టు ఊహించాలి. రాఫ్ట్‌ల పరిమాణం 10 నుంచి 200 నానోమీటర్ల మధ్య అని 2006లో ఈ రంగం వాళ్లంతా కూర్చుని ఒప్పుకున్న నిర్వచనం. అంత చిన్నవి మామూలు సూక్ష్మదర్శినిలో విడిగా కనబడవు. అందుకే జనం డిటర్జెంట్ దారి పట్టారు.

కణాలని ఐస్ మీద ఒక శాతం ట్రైటాన్ ఎక్స్-100లో అరగంట ఉంచుతారు. వదులుగా ఉన్న పొర కరిగిపోతుంది, ఒత్తుగా ఉన్న ముక్కలు కరగవు. ఈ ద్రవంలో సమానంగా 80 శాతం సుక్రోజ్ కలిపితే 40 శాతం అవుతుంది, అది 4 మిల్లీలీటర్లు గొట్టం అడుగున పోస్తారు. దాని మీద నెమ్మదిగా 30 శాతం సుక్రోజ్ 5 మిల్లీలీటర్లు, ఆ పైన 5 శాతం సుక్రోజ్ 3 మిల్లీలీటర్లు. చెయ్యి వణికి పొరలు కలిసిపోతే ఆ గొట్టం ఇక పనికిరాదు. తర్వాత 4 డిగ్రీల దగ్గర, గురుత్వానికి సుమారు రెండు లక్షల రెట్ల బలంతో రాత్రంతా తిప్పుతారు. కరగని ముక్కల్లో లిపిడ్ ఎక్కువ కాబట్టి తేలిక, కాచిన పాల మీదకి మీగడ వచ్చినట్టు పైకి వస్తాయి, వచ్చి 5 శాతం, 30 శాతం కలిసే గీత దగ్గర ఆగుతాయి. పొద్దున్న గొట్టాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అక్కడ పల్చటి తెల్లటి పట్టీ కనబడుతుంది. పైనుంచి ఒక్కో మిల్లీలీటరు చొప్పున పన్నెండు భాగాలు తీసి, ఒక్కో భాగం నుంచి కాస్త బ్లాట్‌లో ఒక్కో గీతకి పోస్తారు. మనం పోసిన లెక్క ప్రకారం రాఫ్ట్ పట్టీ 3, 4 భాగాల్లో రావాలి, కరిగిపోయిన ప్రోటీన్లు 9 నుంచి 12 దాకా అడుగున ఉండాలి.

బ్లాట్ చూడగానే మీ కళ్లు లాట్ మీదకి వెళ్తాయి. ముందు అక్కడికి వెళ్లకండి. మొదట రాఫ్ట్‌లో ఉంటుందని తెలిసిన ఫ్లోటిలిన్ అనే ప్రోటీన్ పైభాగంలో వచ్చిందా, రాఫ్ట్ బయటే ఉండే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం అడుగునే ఉందా చూడండి. ఆ గ్రాహకం కూడా పైకి వచ్చిందంటే డిటర్జెంట్ చాల్లేదని అర్థం, పొర సరిగ్గా కరగలేదు, అప్పుడు అన్నీ తేలతాయి. ఫ్లోటిలిన్ అడుగునే ఉండిపోయిందంటే డిటర్జెంట్ మితిమీరింది, లేదా ఎక్కడో వేడెక్కింది. ఈ రెండూ సరిగ్గా లేని బ్లాట్‌లో లాట్ గీత ఎక్కడున్నా దాని గురించి ఏమీ చెప్పలేం.

రెండోది, గీతల్లోకి ఎంత పోశారో పద్ధతుల విభాగంలో వెతకండి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. లెక్క కోసం అంకెలు ఊహించుకుందాం. రాఫ్ట్ భాగంలో మొత్తం ప్రోటీన్ 20 మైక్రోగ్రాములు, అడుగు భాగంలో 2000 మైక్రోగ్రాములు. రెంటినుంచీ తలా 10 మైక్రోగ్రాములు పోసి బ్లాట్ చేస్తే రెండు గీతలూ ఒకే ముదురులో వచ్చాయి. చూసేవాళ్లు "సగం లాట్ రాఫ్ట్‌లో ఉంది" అనుకుంటారు. కానీ రాఫ్ట్ నుంచి పోసింది దానిలో సగం, అడుగు నుంచి పోసింది రెండువందల్లో ఒక వంతు మాత్రమే. గీత బలాన్ని 1 అనుకుంటే రాఫ్ట్‌లో మొత్తం 2, అడుగున మొత్తం 200. అంటే రాఫ్ట్‌లో ఉన్నది దాదాపు ఒక శాతం! సమాన ప్రోటీన్ పోస్తే "ఆ భాగంలో లాట్ ఎంత చిక్కగా ఉంది" అని తెలుస్తుంది, సమాన పరిమాణం పోస్తే "మొత్తం లాట్‌లో ఎంత వాటా అక్కడ ఉంది" అని తెలుస్తుంది. రెండూ న్యాయమైన ప్రశ్నలే, కానీ ఒకదానికి వచ్చిన జవాబుని రెండోదానికి వాడుకుంటే తప్పు.

మూడోది చల్లదనం. లిపిడ్లు విడిపోవడం వేడి తగ్గేకొద్దీ పెరుగుతుంది, మనం ప్రయోగం చేస్తున్నది ఐస్ మీద. పైగా ట్రైటాన్ తానే ఒత్తు ప్రాంతాలు పుట్టించగలదని కృత్రిమ పొరల్లో చూపించారు. కాబట్టి 3, 4 భాగాల్లో దొరికిన ముక్క బతికున్న కణంలో 37 డిగ్రీల దగ్గర ఉన్న రాఫ్ట్ కాదు. ఆ ప్రోటీన్‌కి ఒత్తు లిపిడ్లంటే మొగ్గు ఉందని మాత్రం అది చెబుతుంది. అందుకే రెండో సాక్ష్యం అడగాలి. మిథైల్ బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌తో కొలెస్టరాల్ లాగేసి చూడటం ఒక దారి, కానీ అది కణంలో ఇంకా చాలావాటిని కదిలిస్తుంది. టీ కణాల్లో అయితే కాల్షియం నిల్వలు కూడా ఖాళీ అవుతాయి. అందుకని కొలెస్టరాల్ తిరిగి ఇచ్చాక పని మళ్లీ మొదలైందా అని చూడని పేపర్‌ని నేను ఒప్పుకోను.

ఇక లాట్ దగ్గరికి తిరిగి వద్దాం. పైన చెప్పినవన్నీ సరిగ్గా చేశారనుకుందాం, మార్చిన లాట్ నిజంగానే పైభాగంలోకి రాలేదనుకుందాం. అయినా ఒక చిక్కు మిగులుతుంది. సిస్టీన్లు తీసేస్తే పోయేది రాఫ్ట్ మొగ్గు ఒక్కటేనా? కాదని తర్వాత తేలింది. పాల్మిటేట్ లేని లాట్ కణం అంచు దాకా వెళ్లలేక గోల్జీ దగ్గరే ఎక్కువగా నిలిచిపోతుంది. అంచుకే రాని ప్రోటీన్‌కి జాప్-70 ఫాస్ఫేట్ ఎలా తగిలిస్తుంది? బ్లాట్‌లో మాత్రం "రాఫ్ట్‌లో లేనిది", "అసలు పొర మీదకే రానిది" ఒకేలా కనబడతాయి, రెండూ అడుగు భాగంలోనే పడతాయి. వీటిని విడదీయాలంటే రాఫ్ట్‌కి వెళ్లకుండా అంచుకి మాత్రం చేరే లాట్ కావాలి. 2005లో వీగువో ఝాంగ్ బృందం సరిగ్గా అదే చేసింది. రాఫ్ట్‌లోకి వెళ్లని లాక్స్ అనే మరో ప్రోటీన్ పొర భాగానికి లాట్ లోపలి తోకని అతికించారు. అది రాఫ్ట్ భాగంలో రాలేదు, కానీ లాట్ లేని టీ కణాల్లో సంకేతాన్ని నడిపించింది, ఎలుకల్లో టీ కణాలు ఎదగడానికీ సరిపోయింది.

దీనర్థం లాట్‌కి రాఫ్ట్ మొగ్గు లేదని కాదు. పాల్మిటేట్ వల్ల లాట్ ఒత్తు ప్రాంతం వైపు మొగ్గుతుందని డిటర్జెంట్ లేకుండా, కణాలనుంచి ఊడదీసిన పెద్ద పొర బుడగల్లో ఇల్యా లెవెంటల్, కై సైమన్స్ వాళ్లు 2010లో చూపించారు. అక్కడా ఒక జాగ్రత్త ఉంది. ఆ బుడగలు తయారుచేయడానికి సాధారణంగా వాడే డీటీటీ అనే రసాయనం పాల్మిటేట్‌ని సిస్టీన్ నుంచి తెంచగలదు, అప్పుడు లాట్ మొగ్గు తగ్గిపోయినట్టు కనబడుతుంది. ఏ రసాయనంతో చేశారో చూడకుండా రెండు పేపర్ల ఫలితాలు పోల్చకండి. మొత్తానికి, మొగ్గు ఉందనడం వేరు, ఆ మొగ్గు లేకపోతే ప్రోటీన్ పని ఆగిపోతుందనడం వేరు. మొదటిదానికి సాక్ష్యం ఉంది. రెండోది లాట్ విషయంలో నిలబడలేదు.

అభ్యాసం: మనం అడుగున ఉండాలన్న ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకానికి కూడా పాల్మిటేట్ ఉంది, 62వ, 67వ సిస్టీన్ల మీద. అయినా అది రాఫ్ట్‌లోకి ఎందుకు వెళ్లదు? పైన హెలిక్స్ గురించి చెప్పిన పేరా మళ్లీ చదివి, మీ ఊహని పరీక్షించడానికి ఏ భాగాన్ని ఏ ప్రోటీన్ నుంచి తెచ్చి అతికిస్తారో, ఫలితం ఎలా వస్తే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారో రెండు మూడు వాక్యాల్లో రాయండి. అతికించిన ప్రోటీన్ కణం అంచుకి చేరిందని ఎలా రుజువు చేస్తారో కూడా రాయాలి, అది లేకపోతే జవాబు సగమే. వచ్చే భాగంలో మీ జవాబులతో మొదలుపెట్టి, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో సత్యజిత్ మేయర్ బృందం పొరని కరిగించకుండా, బతికున్న కణంలోనే జీపీఐ ప్రోటీన్ల చిన్న గుంపులని కాంతితో ఎలా కొలిచిందో, ఆ గుంపులు కట్టడంలో పొర కింద ఉన్న యాక్టిన్ పాత్ర ఏమిటో చూద్దాం.