పదివేల పవర్ బ్యాంక్ ఐదువేల ఫోన్‌ని రెండుసార్లు ఎందుకు నింపదు?

సమస్య

పవర్ బ్యాంక్ మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. ఫోన్ బ్యాటరీ 5,000. నోటిలెక్కకు రెండుసార్లు నిండాలి, కానీ నిండదు. తిరుపతి బస్టాండు దగ్గర మా షాపుకి ఎక్కువగా వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి. అలిపిరి మెట్లెక్కి కొండకు పోయివచ్చిన ఓ కుర్రాడు మొన్న తన పవర్ బ్యాంకును కౌంటర్ మీద పెట్టి, "ఏందినా ఇది, పదివేలని చెప్పి అమ్మినారు. సగం కూడా రాలేదు. డూప్లికేట్ అంటగట్టినారా ఏంది?" అని అడిగాడు.

అతను చెప్పిన వివరాలు ఇవి. బ్యాంకు ఫుల్‌గా ఉంది. మొదటిసారి ఫోన్ 10 శాతం నుంచి 100కి ఎక్కింది. రెండోసారి 12 దగ్గర పెడితే 62 దాకా వచ్చి బ్యాంకు ఆగిపోయింది. అంటే మొత్తం 140 శాతం. అతను అనుకున్నది 200. ఫోన్ బాగానే ఉంది, కేబుల్ కూడా కంపెనీదే.

కారణం: అట్టమీద అంకె లోపలి సెల్‌ది, పోర్టుది కాదు

పవర్ బ్యాంక్ లోపల ఉండేది లిథియం సెల్. దాని సగటు వోల్టేజ్ సుమారు 3.7. అట్టమీద రాసే 10,000 ఎంఏహెచ్ ఆ 3.7 వోల్టుల దగ్గర కొలిచినది. కానీ యూఎస్‌బీ పోర్టు నుంచి బయటికి వచ్చేది 5 వోల్టులు, ఫాస్ట్ చార్జింగ్ అయితే 9 వోల్టులు కూడా. వోల్టేజ్ పెంచితే అంతే శక్తికి ఎంఏహెచ్ అంకె తగ్గాలి. అది నష్టం కాదు, లెక్క మారడమే. అందుకే ఎంఏహెచ్‌ని పక్కన పెట్టి వాట్ అవర్‌లో, అంటే `Wh`లో చూడాలి. వోల్టేజ్ మారినా శక్తి లెక్క మారనిది దాంట్లోనే.

```
10000 mAh × 3.7 V = 37 Wh
37 Wh ÷ 5 V = 7400 mAh
```

అంటే ఒక్క చుక్క కూడా వృథా కాకపోయినా, 5 వోల్టుల దగ్గర 7,400కి మించి రావడం కుదరదు. అసలు నష్టం దీని తర్వాత మొదలవుతుంది. 3.7ని 5కో 9కో పెంచే సర్క్యూట్ వేడెక్కుతుంది. ఆ వేడి అంతా మన చార్జింగే. మంచి బ్యాంకుల్లో ఈ దశలో 10 నుంచి 15 శాతం పోతుంది, చవకవాటిలో ఇంకా ఎక్కువ. అందుకే చాలా కంపెనీలు అడుగున చిన్న అక్షరాల్లో `Rated Capacity` అని ఇంకో అంకె వేస్తాయి. పదివేల బ్యాంకుకి అది సాధారణంగా ఆరువేలకు అటూఇటూ ఉంటుంది. మా షాపుకి వచ్చేవాళ్లలో ఆ లైను చదివినవాళ్లు తక్కువ. ముందువైపు ఉన్న పెద్ద అంకెనే అందరూ చూస్తారు, కంపెనీకి కావాల్సిందీ అదే.

రెండో నష్టం ఫోన్‌లో. బయటి నుంచి వచ్చిన 5 లేదా 9 వోల్టులను ఫోన్ మళ్లీ తన బ్యాటరీకి సరిపోయే 4 వోల్టుల చుట్టుపక్కలకు దించుకోవాలి. అక్కడా వేడి, బ్యాటరీలోనూ కొంచెం వేడి. పైగా ఫోన్ ఆన్‌లోనే ఉంటుంది కదా. స్క్రీన్ వెలుగుతూ, కొండదారిలో సిగ్నల్ కోసం వెతుకుతూ ఉంటే, లోపలికి వచ్చేదాంట్లో కొంత బ్యాటరీ దాకా పోకుండానే ఖర్చవుతుంది.

తేల్చడం ఎలా

యూఎస్‌బీ మీటర్ అని వేలెడంత పరికరం దొరుకుతుంది, ఖరీదు కొన్ని వందలే. బ్యాంకుకీ కేబుల్‌కీ మధ్య పెడితే వోల్టేజ్, కరెంట్, మొత్తం వెళ్లిన `mAh`, `Wh` చూపిస్తుంది. కుర్రాడి బ్యాంకును ఫుల్ చార్జ్ చేసి, మీటర్‌ని సున్నాకి తెచ్చి, ఆగిపోయేదాకా ఫోన్లకు ఎక్కించాము. చివర్లో 31.8 `Wh` చూపింది. 37లో 31.8 అంటే 86 శాతం. బ్యాంకులో ఏ లోపమూ లేదు.

ఫోన్ వైపు లెక్క కూడా చూద్దాం. అతని ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్, 3.87 వోల్టులు, అంటే 19.35 `Wh`. అందులో 140 శాతం అంటే 27.1. పోర్టు నుంచి 31.8 వెళితే బ్యాటరీలో చేరింది 27.1, సుమారు 85 శాతం. ఇదీ మామూలే. రెండుచోట్లా పదిహేను శాతం చొప్పున పోతే రెండు ఫుల్ చార్జీలు ఒకటిన్నరకు లోపే అవుతాయి. అతను చెప్పిన దానికి లెక్క సరిపోయింది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మీటర్‌లో `mAh` మాత్రమే చూస్తే టెన్షన్ వస్తుంది. ఇదే బ్యాంకు 5 వోల్టులతో ఖాళీ అయితే సుమారు 6,300 చూపిస్తుంది. 9 వోల్టుల ఫాస్ట్ చార్జింగ్‌తో ఖాళీ అయితే 3,500 దగ్గరే ఆగుతుంది. రెండింట్లోనూ వచ్చిన శక్తి దాదాపు ఒకటే. మీటర్‌లో `Wh` చూపించే మోడల్ కొనమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పరిష్కారం

86 శాతం దగ్గర ఉన్న బ్యాంకును బాగుచేయడానికి ఏమీ లేదు. దాని నుంచి ఫోన్‌కి చేరే మధ్యదారిలో మాత్రం కొంత మిగుల్చుకోవచ్చు. మొదట చూడాల్సింది కేబుల్. సన్నటి పొడుగాటి కేబుల్‌లో 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు పారితే అర వోల్టు వరకు దారిలోనే పడిపోవచ్చు. అంటే పదో వంతు శక్తి తీగ వేడికే పోయినట్టు. మీటర్‌ని ఫోన్ చివరకు మార్చి పెట్టి చూస్తే ఈ తేడా అక్కడికక్కడే కనబడుతుంది: బ్యాంకు దగ్గర 5.05 ఉండి, ఫోన్ దగ్గర 4.6 ఉంటే కేబుల్ మార్చాలి. జేబులో పట్టేంత పొట్టి, మందపాటి కేబుల్ పెట్టుకోండి. ఫోన్, బ్యాంకు రెండూ 9 వోల్టులకు ఒప్పుకుంటే అంతే శక్తికి కరెంట్ సగానికి దగ్గరగా తగ్గుతుంది కాబట్టి కేబుల్ నష్టం బాగా తగ్గుతుంది.

వైర్‌లెస్ ప్యాడ్ ఉన్న పవర్ బ్యాంకును అలాగే వాడితే నష్టం ఇంకా పెరుగుతుంది. ఫోన్ వెనక వెచ్చగా తగిలేది అదే. చార్జింగ్ అయ్యేటప్పుడు స్క్రీన్ ఆఫ్ చేయడం, సిగ్నల్ లేనిచోట ఏరోప్లేన్ మోడ్ పెట్టడం వల్ల కూడా శాతాలు మిగులుతాయి.

మీటర్ 37లో 22 కూడా చూపించకపోతే మాత్రం సంగతి వేరు. కొత్త బ్యాంకు అయితే లోపల సెల్ చెప్పినంత లేదు, బిల్లుతో వాపసు ఇవ్వాలి. మూడు నాలుగేళ్లు వాడినదైతే, ముఖ్యంగా మన మే నెల ఎండలో బైకు డిక్కీలో పడివున్నదైతే, సెల్ అరిగిపోయింది. బ్యాంకు ఉబ్బినట్టు కనిపిస్తే ఇంకో చార్జ్ కూడా పెట్టకండి. కొనేటప్పుడు మీటర్ లేకపోతే చేతిలోకి తీసుకుని బరువు చూడండి. పదివేల బ్యాంకు మామూలుగా రెండువందల గ్రాముల చుట్టూ ఉంటుంది. నలభై వేలని రాసి అంతే బరువున్నది తగిలితే తిరిగి అక్కడే పెట్టేయండి. దానితో పాటు అట్టమీద బీఐఎస్ గుర్తు, `R-` తో మొదలయ్యే నంబరు ఉన్నాయేమో చూసి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. అక్కడ వచ్చే బ్రాండ్ పేరు, చేతిలో ఉన్న బ్రాండ్ ఒకదానికొకటి సరిపోవాలి.