బూట్ల కోసం పాదం కొలిచేది సాయంత్రమే

పొద్దున సరిపోయిన బూట్లు సాయంత్రానికి బిగుసుకుపోతాయి. రోజంతా నిలబడి తిరిగేసరికి పాదాల్లోకి నీరు దిగి కాస్త ఉబ్బుతాయి, అందుకే కొలత సాయంత్రం తీసుకోండి.

గోడకు ఆనించి నేల మీద కాగితం అతికించండి. బూట్లలో వేసుకునే సాక్సులతోనే, మడమ గోడకు తగిలేలా నిలబడండి. కూర్చుంటే పాదం పరుచుకోదు, కొలత తగ్గుతుంది. పెన్సిల్ నిటారుగా పట్టి ఇంకొకరు గుర్తు పెడితే మేలు. మనమే వంగితే మడమ కదులుతుంది. గోడ నుంచి అన్నిటికన్నా ముందుకొచ్చిన వేలి దాకా పొడవు (కొందరికి అది బొటనవేలి పక్క వేలు). వేళ్ల మొదళ్ల దగ్గర, బాగా విశాలంగా ఉన్నచోట వెడల్పు.

ఎడమది 25.2, కుడిది 25.6 సెం.మీ. వస్తే 25.6 లెక్కనే కొనండి.

దూరప్రయాణం చేసి కాళ్లు బాగా వాచిన రోజు మాత్రం కొలవొద్దు, బూట్లు వదులైపోతాయి.