గ్రూపులో జాబ్ పోస్ట్ – మూడో పాఠం: తొమ్మిది లైన్లలో డెలివరీ హెల్పర్

మొదటి పాఠంలో పని ఏమిటో మనకి మనం తేల్చుకున్నాం, రెండో పాఠంలో ఏ వాట్సాప్ గ్రూపులో పెట్టాలో చూశాం. ఈసారి పోస్ట్ రాసేద్దాం. ముందుగా, గ్రూపుల్లో రోజూ కనిపించే రకం పోస్ట్ ఒకటి చూడండి.

```
🔥🔥 అర్జెంట్ అర్జెంట్ 🔥🔥
మా షాపులో పని చేయడానికి చురుకైన, నిజాయితీ గల అబ్బాయిలు కావలెను.
మంచి జీతం. ఆసక్తి గలవారు వెంటనే సంప్రదించండి.
```

చిన్నగానే ఉంది కదా, మరి దీనికేం తక్కువ అంటారా? దీన్ని పెట్టిన మనిషి సాయంత్రానికి ఫోన్ పట్టుకుని విసుగెత్తిపోతాడు. షాపు ఎక్కడండీ, జీతం ఎంతండీ, బండి మీరిస్తారా మేం తెచ్చుకోవాలా, ఎన్ని గంటలండీ అని ఇవే నాలుగు ప్రశ్నలు, అడిగే గొంతులే వేరు. వాళ్లలో సగం మందికి జవాబు వినగానే పని కుదరదని తేలిపోతుంది, అంటే ఆ కాల్స్ అసలు రాకూడనివి. కాబట్టి పోస్ట్ పొట్టిగా ఉందా అని పదాలు లెక్కపెట్టుకోవద్దు. ప్రతి లైన్ దగ్గరా ఆగి, ఇది ఉంటే ఏ ఫోన్ కాల్ ఆగుతుంది అని అడగండి. ఏ కాల్‌నీ ఆపని లైన్ తీసేయండి. పై పోస్ట్‌లో "చురుకైన, నిజాయితీ గల" అన్న మాటలు చూడండి, నేను బద్ధకస్తుణ్ణి అని ఎవరైనా వెనక్కి తగ్గుతారా? "అబ్బాయిలు" అన్న మాట ఇంకా నష్టం, బండి నడిపే అమ్మాయి ఆ పోస్ట్ చదివి పక్కకి జరిపేస్తుంది. పైగా ఒక్కరే కావాల్సి ఉంటే బహువచనం ఎందుకు?

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. మీరు పెట్టిన పోస్ట్ మీరు పెట్టిన గ్రూపులోనే ఉండిపోదు. పని వెతుక్కునే మనిషి ఆ గ్రూపులో ఉండకపోవచ్చు, అతని చుట్టమో స్నేహితుడో అది చూసి ఫార్వర్డ్ చేస్తాడు, అలా మూడు నాలుగు చేతులు మారాకే అసలు మనిషికి అందుతుంది. ఆ చివరి మనిషికి మీరెవరో తెలియదు, అది ఏ గ్రూపో తెలియదు, ఎప్పుడు పెట్టారో కూడా తెలియదు. "మన షాపు", "రేపటిలోగా", "ఈ శనివారం వరకు" లాంటి మాటలకి అక్కడ అర్థమే ఉండదు. ఏరియా పేరు, షాపు పేరు, నెలతో సహా తేదీ అన్నీ పోస్ట్ లోపలే ఉండాలి.

ఇప్పుడు అదే పోస్ట్‌ని ఇలా రాద్దాం. గీత ఉన్న చోట మీ వివరం పడుతుంది.

```
*డెలివరీ హెల్పర్ కావాలి – ఒక్కరు – ____ ఏరియా*
షాపు: ____, ____ ఎదురుగా
పని: ఇళ్లకు సరుకు చేర్చాలి, రోజుకు 20–25 డెలివరీలు, 4 కి.మీ. లోపు. ఖాళీ టైమ్‌లో స్టాక్ దించి సర్దాలి, 25 కేజీల బస్తా ఎత్తగలగాలి.
టైమ్: ఉదయం 9–1, సాయంత్రం 4–8. మంగళవారం సెలవు.
జీతం: నెలకు ____, ప్రతి నెలా 5న. పెట్రోల్ ఖర్చు విడిగా ఇస్తాం.
సొంత టూవీలర్, లైసెన్స్ తప్పనిసరి. అనుభవం లేకపోయినా సరే.
డిపాజిట్, ఫీజు ఏమీ లేవు.
పేరు, ఉండే ఏరియా, ఎప్పటి నుంచి రాగలరో వాట్సాప్ చేయండి: ____
జూన్ 18 వరకే.
```

మొదటి లైన్‌లో మూడే ఉన్నాయి: ఏ పని, ఎంతమంది, ఎక్కడ. చాట్ లిస్ట్‌లోనూ నోటిఫికేషన్‌లోనూ కనిపించేది మెసేజ్ మొదటి ముక్కే, అక్కడ "నమస్కారం గ్రూపు సభ్యులందరికీ" అని పెడితే ఆ చోటు నమస్కారానికే ఖర్చయిపోతుంది. లైన్‌కి రెండు చివర్లా స్టార్ పెడితే వాట్సాప్‌లో బోల్డ్‌గా వస్తుంది, కాకపోతే స్టార్‌కీ అక్షరానికీ మధ్య ఖాళీ ఉండకూడదు, ఉంటే స్టార్లు స్టార్లుగానే మిగిలిపోతాయి. బోల్డ్ ఈ ఒక్క లైన్‌కే చాలు. మెసేజ్ మరీ పొడుగైతే యాప్ దాన్ని మధ్యలో మడిచేసి, మిగతాది నొక్కితేనే చూపిస్తుంది, ఆ నొక్కే ఓపిక అందరికీ ఉండదు. అందుకే జీతం, టైమ్ పైభాగంలోనే పడేలా చూసుకోండి.

పని లైన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మనుషులు వచ్చి నాలుగు రోజుల్లో మానేసేది సాధారణంగా ఇక్కడ దాచిపెట్టిన పని వల్లే. డెలివరీ అని పిలిచి, వచ్చాక బండి మీద తిరగని టైమ్‌లో బస్తాలు దించమంటారు, షట్టర్ ఎత్తమంటారు, షాపు ఊడవమంటారు. అవన్నీ చేసే మనిషి దొరకడా అంటే దొరుకుతాడు, కానీ ముందే చెప్పినప్పుడు వచ్చేవాడు వేరు, చెప్పకుండా పిలిస్తే వచ్చేవాడు వేరు. నడుం నొప్పి ఉన్నవాడికి 25 కేజీల సంగతి పోస్ట్‌లోనే తెలిస్తే ఫోన్ చేయడు, మీకు ఒక వారం మిగులుతుంది. అలాగని పనులన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. "ఇది ముందే చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి కాదు" అని ఏ పని గురించి అనవచ్చో ఆలోచించి, ఆ ఒక్కటీ రాయండి. లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్లు ఎక్కువైతే అది, రాత్రి చివరి ట్రిప్ ఆలస్యమవుతుందంటే అది.

డెలివరీల సంఖ్య, దూరం రెండూ కలిసి ఉండాలి. 20 డెలివరీలు అంటే వీధి చివరికా, ఊరి చివరికా? 4 కిలోమీటర్ల లోపు అన్నాక మనిషి మనసులోనే పెట్రోల్ లెక్క, టైమ్ లెక్క వేసుకుంటాడు. బాగా అమ్మకాలు జరిగిన రోజు సంఖ్య చూసి రాయకండి, మామూలు రోజుదే రాయండి.

జీతం అంకె రాయడానికి షాపుల వాళ్లు తెగ మొహమాటపడతారు. పక్క షాపువాడు చూస్తాడని ఒక భయం, తక్కువకి ఒప్పుకునేవాడు దొరుకుతాడేమోనని ఒక ఆశ. నా మాట వినండి, అంకె వేసేయండి. అనుభవాన్ని బట్టి మారుతుందనుకుంటే "ఇంత నుంచి ఇంత వరకు" అని రెండు అంకెలు వేయండి, కాకపోతే ఆ రెండింటికీ మధ్య దూరం మరీ ఎక్కువుంటే చదివేవాడు పై అంకెనే మనసులో పెట్టుకుని వస్తాడు, కింది అంకె విని మొహం మాడ్చుకుంటాడు. సొంత బండి అడిగినప్పుడు పెట్రోల్ ఎవరిదో చెప్పకపోతే జీతం అంకెకి విలువే లేదు, అందుకే ఆ రెండూ ఒకే లైన్‌లో ఉన్నాయి.

డిపాజిట్ లేదన్న లైన్ ఎందుకా అనిపించవచ్చు. ఉద్యోగం ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుని మాయమయ్యే పోస్ట్‌లు ఇలాంటి గ్రూపుల్లోనే తిరుగుతుంటాయి. షాపు పేరు, ఆనవాలు, ఈ లైన్ కలిస్తే నమ్మకం కుదురుతుంది. అదే కారణంగా ఐడీ కార్డు ఫొటో పంపమని పోస్ట్‌లో అడగొద్దు, మనిషి ఎదురుగా వచ్చాక చూసుకోవచ్చు.

ఇక మెసేజ్‌లో ఏం పంపాలో చెప్పే లైన్. మూడే అడిగాం, ఆ మూడూ ఫోన్‌లో అర నిమిషంలో టైప్ చేయగలిగినవి. ఇది లేకపోతే "ఇంట్రెస్టెడ్", "హాయ్ సర్", ఒక బొటనవేలు బొమ్మ, ఇవే వస్తాయి, ఒక్కొక్కరినీ మళ్లీ మీరే కదిలించాలి. ఇదే లైన్ పనిలో పనిగా చిన్న పరీక్ష కూడా అవుతుంది. చెప్పిన మూడూ పంపినవాడు అడ్రస్ కూడా చదివి వెళ్తాడని కొంత ఆశ పెట్టుకోవచ్చు. అలాగని ఒకటి మరిచిపోయినవాణ్ణి కొట్టేయకండి, టైప్ చేయడం రానివాడు బండి బ్రహ్మాండంగా నడపవచ్చు, అలాంటివాళ్లు వాయిస్ మెసేజ్ పెట్టినా తీసుకోండి.

నంబర్ సేవ్ చేసుకోకుండానే మీ చాట్ తెరుచుకోవాలంటే నంబర్ బదులు ఈ లింక్ పెట్టవచ్చు. గీత ఉన్న చోట దేశం కోడ్‌తో మొదలుపెట్టి నంబర్ మొత్తం వేయాలి, ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఏవీ ఉండకూడదు.

```
https://wa.me/____
```

పెట్టే ముందు ఇంకో ఫోన్‌లో నొక్కి చూడండి. ఒక్క అంకె తప్పినా ఎవరో తెలియని మనిషికి మెసేజ్‌లు వెళ్తుంటాయి.

ఇదంతా రంగుల పోస్టర్‌గా చేసి పెడదామా అని అడిగేవాళ్లుంటారు. పోస్టర్ చూడ్డానికి బాగుంటుంది, కానీ గ్రూపులో వెనక్కి వెళ్లి "డెలివరీ" అని వెతికితే బొమ్మలో ఉన్న మాట దొరకదు, నంబర్ చూసుకుంటూ మళ్లీ టైప్ చేసుకోవాలి. టెక్స్ట్‌గానే పెట్టండి.

పెట్టాక 15 నిమిషాల దాకా వాట్సాప్‌లో మెసేజ్‌ని ఎడిట్ చేయవచ్చు, ఆ తర్వాత కుదరదు. ఆ లోపు ఎవరైనా ఫార్వర్డ్ చేసేస్తే అక్కడికి పాత కాపీయే వెళ్తుంది, మీరిక్కడ దిద్దినా అక్కడ మారదు. అందుకే ముందు మీ ఇంట్లోవాళ్లకో, పనికి సంబంధం లేని స్నేహితుడికో పంపి "ఇది చదివాక ఇంకేం అడుగుతావు" అని ఒక్క మాట అడగండి. చివర్లో నెలతో సహా తేదీ వేయడం కూడా ఆ కాపీల కోసమే. మనిషి దొరకగానే అదే పోస్ట్‌కి రిప్లైగా "మనిషి దొరికారు, థాంక్స్" అని పెడతారు, బాగానే ఉంటుంది, అది ఆ గ్రూపు వరకే. మిగతా గ్రూపుల్లో తిరిగే కాపీని ఆపేది ఆ తేదీ ఒక్కటే.

పోస్ట్ సరిగ్గా పనిచేస్తోందో లేదో వచ్చే మెసేజ్‌లే చెప్తాయి. ఒకే ప్రశ్న ముగ్గురు అడిగారంటే ఆ లైన్ లేదు, లేదా ఉన్నా కళ్లకి ఆనడం లేదు. దూరాభారం నుంచి మెసేజ్‌లు వస్తుంటే మొదటి లైన్‌లో ఏరియా పేరు గట్టిగా లేదు. అందరూ చూసి ఎవరూ పలకలేదంటే జీతం, టైమ్ లైన్లు మళ్లీ చూసుకోండి. మధ్యాహ్నం మూడు గంటలు ఖాళీగా వదిలి సాయంత్రం మళ్లీ రమ్మనడం దూరంగా ఉండేవాళ్లకి కుదిరే పని కాదు, దాన్ని ఎంత బాగా రాసినా లాభం లేదు, టైమింగే మార్చాలి.

ఈసారి హోంవర్క్: ఇదే పోస్ట్‌ని షాప్ అసిస్టెంట్ కోసం మార్చి రాయండి. బండి, పెట్రోల్, కిలోమీటర్లు పోతాయి. వాటి స్థానంలో రోజంతా నిలబడాలా, బిల్లింగ్ కంప్యూటర్ మీదా చేతి మీదా, క్యాష్ కౌంటర్ అప్పజెప్తారా, అందులో లెక్క తగ్గితే ఎవరి బాధ్యత అనేవి వస్తాయి. ఇద్దరూ కావాల్సి ఉంటే ఒకే పోస్ట్‌లో ఇరికించకండి, రెండు పోస్ట్‌లు రాయండి. లైన్లు తొమ్మిది దాటకూడదు. వచ్చే పాఠంలో, వచ్చిన మెసేజ్‌ల నుంచి ఎవరికి ముందు ఫోన్ చేయాలి, ఆ ఐదు నిమిషాల ఫోన్‌లో ఏం అడగాలి అన్నది చూద్దాం.