నాన్నగారి తోలు బ్యాగుకు పట్టిన బూజు

చెన్నైలో వానలు తగ్గాక జనవరిలో బీరువా తీస్తే, నాన్నగారి తోలు బ్యాగు నిండా తెల్లటి బూజు చుక్కలు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టాను, తేమ బయటికి పోలేదు. తడిగుడ్డతో తుడిస్తే వారానికే మళ్లీ వచ్చింది.

ఈసారి మాస్కు పెట్టుకుని, బాల్కనీలో పొడి బ్రష్‌తో కుట్ల సందులన్నీ దులిపాను. సర్జికల్ స్పిరిట్, నీళ్లు సమానంగా కలిపి ముందు అడుగున ఒక మూల తుడిచి చూశాను. గుడ్డకు రంగు అంటలేదు. అప్పుడు గుడ్డ గట్టిగా పిండి, బ్యాగంతా లోపలి అస్తరుతో సహా తుడిచాను. ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది, అందుకే రెండు రోజులు నీడలో ఫ్యాను కింద ఆరబెట్టి, లెదర్ కండిషనర్ పల్చగా రాశాను. తోలు బూట్లకూ ఇంతే.

పట్టీ మీద ఒక నల్ల మచ్చ మాత్రం పోలేదు, తోలు లోపలికి దిగిపోయింది. బ్యాగు ఇప్పుడు పాత నూలు దిండు గలీబులో ఉంటోంది.